కాల్ అమ్మితే ఎంత రక్షణ, పుట్ కొంటే ఎంత ఖర్చు

ఒక కంపెనీ షేర్లు మీ డీమ్యాట్‌లో 500 ఉన్నాయనుకుందాం. ఎప్పుడో 700 రూపాయలకు కొన్నవి, ఇప్పుడు 1,000 పలుకుతున్నాయి. వచ్చే నెల ఫలితాలు ఎలా ఉంటాయోనని గుబులు. అమ్మేస్తే లాభం మీద పన్ను కట్టాలి, పైగా ఇంకా పెరుగుతుందన్న ఆశ వదల్లేదు. ఇలాంటివాళ్లకు మార్కెట్లో వినిపించే సలహాలు రెండు: కవర్డ్ కాల్, ప్రొటెక్టివ్ పుట్. రెంటినీ హెడ్జింగ్ అనే ఒకే గాటన కట్టేస్తారు. నన్నడిగితే వాటిలో ఒకటే అసలైన రక్షణ.

ముందు ఆప్షన్ సంగతి. స్థలం కొనేటప్పుడు బయానా ఇచ్చి, ఫలానా గడువులోగా ఫలానా ధరకు రాయించుకుంటామని అగ్రిమెంటు చేసుకుంటాం. కాల్ కొనడం దాదాపు అలాంటిదే. ఒప్పుకున్న ధర స్ట్రైక్, గడువు ఎక్స్‌పైరీ, ఇచ్చే డబ్బు ప్రీమియం. కాకపోతే బయానా స్థలం ధరలో జమ అవుతుంది, ప్రీమియం జమ కాదు. అది అమ్మినవాడిదే. పుట్ దీనికి తిరగేసిన ఒప్పందం: ఫలానా ధరకు అమ్ముకునే హక్కు. రెంటిలోనూ హక్కు కొన్నవాడిది, కట్టుబడాల్సిన బాధ్యత అమ్మినవాడిది. మన దేశంలో షేర్ల ఆప్షన్లలో ఆ హక్కును గడువు రోజునే వాడుకోగలం. అంతకుముందే వద్దనుకుంటే ఆప్షన్‌ను మార్కెట్లో అమ్మేసుకోవచ్చు.

ఇప్పుడు పుట్. నెల గడువుతో 950 స్ట్రైక్ పుట్ 18 రూపాయలకు దొరికిందనుకోండి. 500 షేర్లకు 9,000 ఖర్చు. ఫలితాలు బాగాలేక షేరు 800కు పడితే, మీరు 950కే అమ్ముకోవచ్చు. ప్రీమియం పోగా 932 మిగులుతుంది. షేరు 600కు పడినా ఆ 932కు ఢోకా లేదు. పెరిగితే ఆ పెరుగుదలంతా మీదే, పోయేది 18 రూపాయలే.

మరి నెలనెలా కొంటూ పోతే? ఇదే రేటున ఏడాదికి షేరుకు 216 రూపాయలు, అంటే వెయ్యి రూపాయల షేరు మీద 21 శాతం పైనే. అంత లాభం ఏటా ఇచ్చే షేర్లెన్ని? అందుకే పుట్‌ను భయం ఉన్న నెలకే కొనాలి. అందులోనూ ఒక చిక్కుంది. ఫలితాల తేదీ దగ్గరపడేకొద్దీ భయం అందరికీ ఉంటుంది కాబట్టి ప్రీమియం పెరుగుతుంది. ఫలితాలు రాగానే షేరు కదలకపోయినా అది చటుక్కున పడిపోతుంది.

ఈ ఖర్చు చూసే చాలామంది కవర్డ్ కాల్ వైపు మళ్లుతారు. ఇక్కడ మీరు అమ్మేవారు. 1,060 స్ట్రైక్ కాల్ అమ్మితే 15 రూపాయల చొప్పున 7,500 చేతికొస్తుంది. షేరు 1,060 దాటకపోతే అది మిగులే. ‘షేరుకు అద్దె’ అని దీన్ని ఊరిస్తూ చెప్పేది అందుకే. కానీ అదే 800కు పడితే? షేరుకు 200 నష్టంలో ఆ 15 మాత్రమే ఆదుకుంటుంది. 985 కిందకు పడే ప్రతి రూపాయీ మీ నష్టమే. షేరు 1,150కు ఎగిరితే మీకు దక్కేది 1,075. పై 75 కాల్ కొన్నవాడిది. పతనమంతా మనకు, పెరుగుదల ఎదుటివాడికి. కాబట్టి ఇది 1,060కు ఎలాగూ అమ్మేద్దామనుకుంటున్నవాడికి నప్పే పద్ధతి, పడిపోతుందని భయపడేవాడికి కాదు.

రెండూ కలిపి చేసేవాళ్లూ ఉన్నారు. కాల్ అమ్మిన 15తో పుట్ కొంటే చేతినుంచి పడేది షేరుకు 3 రూపాయలు, మొత్తం 1,500. దీన్ని కాలర్ అంటారు. ఎటు పోయినా మీ షేరు 947కూ 1,057కూ మధ్యే ఉంటుంది. ఫలితాల నెలకు నాకు నచ్చేది ఇదే.

అయితే ఇవన్నీ లాట్ లెక్కన జరిగే వ్యాపారాలు. ఆ కంపెనీ లాట్ 500 అయ్యి, మీ దగ్గర 300 షేర్లే ఉంటే మిగతా 200కు కవర్ లేనట్టే. 2019 అక్టోబరు నుంచి షేర్ల ఆప్షన్లన్నీ షేర్ల డెలివరీతోనే తీరుతున్నాయి. గడువునాటికి షేరు 1,060 పైన ముగిస్తే కాల్ అమ్మినవాడు 500 షేర్లూ ఇచ్చి తీరాలి. పుట్ వాడుకున్నా అంతే. లేని 200 షేర్లను ఎక్స్‌ఛేంజి వేలంలో కొని, ఆ భారం మీ మీద వేస్తుంది. ఆప్షన్‌ను గడువుకు ముందే మూసేయడం దీనికి విరుగుడు.

షేర్లు చేతిలో ఉన్నా కాల్ అమ్మాలంటే బ్రోకర్ మార్జిన్ అడుగుతాడు. ఆ షేర్లనే తాకట్టు పెట్టవచ్చు గానీ, వాటి పూర్తి విలువను లెక్కలోకి తీసుకోరు. గడువున డెలివరీ ఇవ్వాల్సొస్తే ముందుగా తాకట్టు విడిపించుకోవాలి. పన్ను దగ్గర మరో మెలిక: పుట్ మీద వచ్చిన లాభం వ్యాపార ఆదాయం, షేరు మీద నష్టం అమ్మేదాకా కాగితం మీదే. షేరు ఉంచుకుని పుట్‌ను లాభానికి అమ్మేస్తే, షేరు పడిన సంవత్సరంలోనే ఆ లాభం మీద పన్ను కట్టాల్సి వస్తుంది.