మ్యూట్‌లో అన్నదమ్ముల తగవు

ఫోన్‌లో వేలితో జరుపుతూ పోతుంటే వీడియోలు వాటంతటవే మొదలవుతాయి. దీన్ని ఆటోప్లే (మనం నొక్కకుండానే వీడియో ఆడటం) అంటారు. 2013లో ఫేస్‌బుక్ వీటిని మ్యూట్‌లో ఆడించడం మొదలుపెట్టింది. 2018లో క్రోమ్ బ్రౌజర్ కూడా, శబ్దంతో తమంతట తాము మొదలయ్యే వీడియోలను చాలావరకు ఆపేసి, మ్యూట్‌లో ఉన్నవాటిని మాత్రం ఆడనిచ్చింది. మాటల మీద నడిచే సన్నివేశాన్ని అక్కడ అలాగే పెడితే కదిలే పెదవులు తప్ప ఏమీ కనిపించవు.

సబ్‌టైటిల్స్ వేస్తే సరిపోదా? అర్థం తెలుస్తుంది. కానీ మాటలు ఎక్కువైతే చూసేవాడి కళ్లు తెర అడుగునే ఉండిపోతాయి, నటుడి ముఖం వృథా అవుతుంది. అందుకే సన్నివేశాన్నే తిరగరాస్తారు.

ఒక ఊహా సన్నివేశం తీసుకుందాం. పట్నం నుంచి తమ్ముడు ఊరికి వస్తాడు. పొలం అమ్మకానికి అన్న సంతకం కావాలి. అన్నకు ఇష్టం లేదు. రెండు నిమిషాల సంభాషణ. చివర్లో అన్న, “తీసుకో నాయనా, అంతా నీదే కదా!” అని లేచిపోతాడు.

ముందు ప్రతి మాట పక్కన అది చేస్తున్న పని రాసుకోవాలి. పొలం సంగతి చెప్పే మాటలు సమాచారం. వాటికి బదులు బల్ల మీద పట్టాదారు పాసుపుస్తకం, అమ్మకం కాగితాలు కనిపిస్తే చాలు. సంతకం అడగడం ఒక చర్య. తమ్ముడు పెన్ను మూత తీసి అన్న వైపు జరుపుతాడు. అన్న దాన్ని ముట్టుకోకుండా మజ్జిగ గ్లాసు అందుకుంటాడు. ఇలాంటి సైగలు ఒక్కో షాట్‌లో ఒకటే ఉండాలి, చెయ్యి దగ్గరగా కనిపించాలి. తల అడ్డంగా ఊపడం లాంటివి చిన్న తెర మీద అవునో కాదో తేలవు.

ఇబ్బందంతా ఆ చివరి మాటతో. అది ఎత్తిపొడుపు. ఎత్తిపొడుపు గొంతులో ఉంటుంది, అక్షరాల్లో ఉండదు. టెక్స్ట్ కార్డు (తెర మీద అక్షరాల్లో వచ్చే మాట) మీద అదే వాక్యం వేస్తే అన్న ఉదారంగా ఒప్పుకున్నాడనిపిస్తుంది, కథ తలకిందులవుతుంది. కాబట్టి దాన్ని పనిగా మార్చాలి. అన్న పాసుపుస్తకాన్ని తమ్ముడి చేతిలో పెడతాడు. దాని మీద ఇంటి తాళంచెవి పెడతాడు. చివరికి తన చేతి గడియారం కూడా తీసి పెడతాడు. మూడోది పెట్టేసరికి అది ఇవ్వడం కాదని ఎవరికైనా తెలుస్తుంది.

అప్పుడు కార్డులు మూడే మిగులుతాయి. మొదటిది, “అన్నా, ఒక్క సంతకం.” అందులో చుట్టరికమూ ఉంది, గొడవకు మూలమూ ఉంది. ఇది మొదటి రెండు మూడు క్షణాల్లోనే రావాలి, ఆగాలో జరపాలో చూసేవాడు అక్కడే తేల్చుకుంటాడు. రెండోది, “నాన్న ఉంటే అడిగేవాడివా?” ఇది వస్తువుతోనో సైగతోనో చెప్పలేని మాట, అందుకే ఉంచాం. మూడోది తమ్ముడిది, “అప్పు తీర్చాలి.”

కార్డు ఎంతసేపు ఉండాలి? తీరిగ్గా రెండుసార్లు చదువుకునేంత సేపు. నటుడు పెదవి విప్పగానే కార్డు వేసి, మాట ముగిసే ముఖం మీదికి తిరిగి రావడం మూకీల నాటి పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. తెలుగులో వరుసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. తెర అడుగున యాప్ బొత్తాలు, వివరణ ఉంటాయి కాబట్టి అక్షరాలు వాటికి పైన ఉండాలి.

ఇక సంగీతం. మన వాళ్లకు మాటల్లేని సినిమా అనగానే గుర్తొచ్చేది సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ (1987). అందులో మాటల్లేవు గానీ శబ్దం నిండుగా ఉంది. హోటల్ గది ప్రశాంతతలో నిద్ర పట్టని హీరో, తన పాత గది దగ్గరి రణగొణధ్వనిని టేపులో పట్టి తెచ్చుకుని పడుకుంటాడు. మ్యూట్‌లో ఆ హాస్యం సగం పోతుంది. అందుకే మన సన్నివేశంలో సంగీతానికి కథ అప్పగించకూడదు. బయట బ్రోకర్ కారు హారన్ కొడితే, తమ్ముడు ఉలిక్కిపడి గుమ్మం వైపు చూడాలి. సంగీతం ఉండేది, మధ్యలో శబ్దం పెట్టుకున్నవాళ్ల కోసం. వాళ్లు ఎక్కడ నొక్కినా ఒక్కసారిగా మోత వినిపించకూడదు, పాడైందనిపించేంత నిశ్శబ్దమూ ఉండకూడదు.

అయ్యాక, కథ తెలియని మనిషికి ఫోన్ మ్యూట్‌లో ఇచ్చి, ఏం జరిగిందని అడగాలి. “ఆ వచ్చినాయన వడ్డీ వ్యాపారా?” అంటే మొదటి కార్డు ఆలస్యమైందని అర్థం. “అన్న మంచోడు, ఇచ్చేశాడు” అంటే గడియారం షాట్ సరిగా పడలేదు.

అన్నిటికీ ఇది కుదరదు. అన్నదమ్ములు వాటాల లెక్క తేల్చుకుంటూ, ఏ ఏడు ఎవరు శిస్తు కట్టారో వాదించుకునే సన్నివేశమైతే, ఆ లెక్కలే కథ. దాన్ని మూగగా మార్చే పని పెట్టుకోకుండా సబ్‌టైటిల్స్‌తో వదిలేయడమే మేలు.