పాట ఎన్నో నెలలో పాడితే ఎంత పడుతుంది?

బయట నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వెనక్కి తగ్గే మనిషి కూడా చీటీ పాటలో మొదటి నెలే ముప్పై వేలు వదులుకుని లక్ష చీటీ ఎత్తుకుంటాడు. అడిగితే, ‘ఇది అప్పు కాదుగా, మన చీటీయే. డివిడెండ్ రూపంలో కొంత తిరిగి వస్తుంది’ అంటాడు. డివిడెండ్ వచ్చే మాట నిజమే. అది ఎంత వస్తుందో, దాన్ని కలుపుకుంటే అసలు ఎంత వడ్డీ పడిందో లెక్క వేసి చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక చిన్న చీటీని ఊహించుకుందాం. సభ్యులు ఇరవై మంది, వాయిదా నెలకు 5,000, చీటీ విలువ లక్ష, గడువు ఇరవై నెలలు. నిర్వాహకుడి కమీషన్ 5 శాతం, అంటే ప్రతి పాటకూ 5,000. (చిట్ ఫండ్స్ చట్టం, 1982 మొదట ఈ 5 శాతాన్నే గరిష్ఠంగా పెట్టింది. 2019 సవరణ దాన్ని 7 శాతానికి పెంచింది.) పాడినవాడు వదులుకున్న సొమ్ములోంచి ఈ 5,000 పోగా మిగిలింది ఇరవై భాగాలవుతుంది. ఆ భాగమే డివిడెండ్.

మొదటి నాలుగు నెలలు పాట 30,000కు పోయిందనుకుందాం. కమీషన్ పోను 25,000. మనిషికి 1,250 డివిడెండ్ కాబట్టి ఆ నెల కట్టాల్సింది 3,750. తర్వాత అవసరం ఉన్నవాళ్లు తగ్గేకొద్దీ పాట కూడా దిగుతుంది. ఐదో నెల నుంచి ఎనిమిదో నెల దాకా 25,000, తర్వాతి నాలుగు నెలలు 20,000, ఆపై నాలుగు నెలలు 15,000, 17 నుంచి 19 దాకా 10,000. చివరి నెల పోటీకి ఎవరూ ఉండరు కాబట్టి కమీషన్ 5,000 మాత్రమే పోతుంది. డివిడెండ్ కూడా 1,250 నుంచి 1,000, 750, 500, 250గా దిగుతూ చివరికి సున్నా అవుతుంది. ఇరవై నెలల డివిడెండ్లు కలిపితే 14,750. అంటే ఎవరు ఎప్పుడు పాడినా మొత్తంగా కట్టేది లక్ష కాదు, 85,250. ఏ నెల డివిడెండ్ ఆ నెల వాయిదాలోనే తగ్గించారనుకుని వేసిన లెక్క ఇది. మరుసటి నెలలో తగ్గించే చీటీల్లో అంకెలు కాస్త మారతాయి.

ఇప్పుడు మొదటి నెలే చీటీ ఎత్తుకున్న కిరాణా కొట్టు యజమాని సంగతి చూద్దాం. చేతికి 70,000 వచ్చింది. అదే రోజు తన వాయిదా 3,750 కట్టాడు కాబట్టి నిజంగా మిగిలింది 66,250. ఆ తర్వాత పంతొమ్మిది నెలల్లో 81,500 కట్టాడు. వదులుకున్నది 30,000 అయినా, డివిడెండ్లు 14,750 కలిసొచ్చాయి గనుక అదనంగా పడింది 15,250.

ఈ 15,250ని 66,250 మీద పంతొమ్మిది నెలలకు సర్దితే నూటికి నెలకు రూపాయి ఇరవై పైసలే అనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. అతను ఆ 66,250ని పంతొమ్మిది నెలలూ వాడుకోలేదు. నెలనెలా కడుతుంటే బాకీ తరుగుతూ వచ్చింది. తరిగే బాకీ మీద లెక్కిస్తే పడిన వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయల ఆరు పైసలు. బయట భయపడిన రెండు రూపాయల వడ్డీ ఇక్కడా కట్టాడన్నమాట.

చివరి దాకా ఆగిన టీచరమ్మకు 95,000 వచ్చింది. కట్టింది 85,250, లాభం 9,750. ఆమె సొమ్ము నెలనెలా కొంచెం కొంచెంగా పోగైంది గనుక, దాని మీద గిట్టుబాటు నూటికి నెలకు దాదాపు రూపాయి పద్దెనిమిది పైసలు. ఏడాదికి 14 శాతం దాటింది. మొదట ఎత్తుకున్నవాడు కట్టిన వడ్డీకీ ఆమెకు వచ్చిన వడ్డీకీ మధ్య తేడాలో ఎక్కువ భాగం కమీషనే. నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలకు అది లక్ష. సరిగ్గా ఒక పూర్తి చీటీ.

అందరికంటే తక్కువగా ఆలోచించి పాడేది మధ్యలో పాడేవాళ్లు. పదో నెలలో 20,000 వదులుకున్న మనిషికి 80,000 వస్తుంది. మొత్తం కట్టేది 85,250 కాబట్టి పోయింది 5,250. ‘ఎనభై వేలకు ఐదు వేలేగా, చౌకే’ అనుకుంటాడు. కానీ ఆ ఎనభై వేలలో తన సొంత డబ్బు ఎంత? పదో వాయిదాతో కలిపి అప్పటికే 39,500 కట్టేశాడు. అంటే కొత్తగా చేతికొచ్చిన అప్పు 40,500 మాత్రమే. మిగిలిన పది నెలల్లో దానికి 45,750 కట్టాలి. తరిగే బాకీ మీద ఇది నూటికి రెండు రూపాయల ఇరవై పైసలు దాటుతుంది. మొదటి నెలలో పాడిన కొట్టు యజమాని కంటే ఎక్కువ! పైగా తన 39,500 మీద ఒక్క పైసా వడ్డీ రాలేదు.

పదహారో నెలలో 15,000 వదులుకున్నవాడి పరిస్థితి ఇంకా దారుణం. వచ్చేది 85,000, మొత్తం కట్టేది 85,250. నష్టం 250 రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అతనికి కొత్తగా వచ్చింది 19,000. దానికోసం అప్పటిదాకా కట్టిన 66,000 మీద రావాల్సిన వడ్డీ మొత్తం వదిలేసుకున్నాడు. ఒక్క నెల ఆగి ఉంటే పాట 10,000కు దిగేది, చేతికి 90,000 వచ్చేది.

అందుకే పాడే ముందు ఒక చిన్న తీసివేత చేయాలి. చేతికి రాబోయే సొమ్ములోంచి, ఆ నెల వాయిదాతో సహా ఇప్పటిదాకా కట్టింది తీసేస్తే మిగిలేదే నిజమైన అప్పు. ఆ కొద్ది సొమ్ముకు ఇకపై కట్టాల్సిన వాయిదాలు ఎంతో చూసి, అదే మొత్తం బ్యాంకులో బంగారం కుదువపెట్టి తెస్తే ఎంత పడుతుందో పోల్చాలి. చాలాసార్లు చీటీ మధ్యలో బంగారం అప్పే నయమవుతుంది.

చివరి చీటీ కోసం ఆగేవాళ్లకూ ఒక హద్దు ఉంది. వాళ్ల లాభం పూర్తిగా ఇతరుల అవసరం మీద ఆధారపడుతుంది. గ్రూపులో అందరూ ఆగేవాళ్లే అయితే పాట పైకి పోదు, డివిడెండ్ రాదు. మన ఉదాహరణలో సగటు డివిడెండ్ నెలకు 250 ఉంటే చివరి సభ్యుడు కట్టిందే వెనక్కి తీసుకుంటాడు, అంతే. ఏడాదికి 6 శాతం ఇచ్చే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌తో సమానం కావాలంటే సగటున సుమారు 470 రావాలి. కమీషన్ 7 శాతమైతే, దాని మీద జీఎస్టీ కూడా సభ్యుల మీదే పడితే, ఈ హద్దు ఇంకా పెరుగుతుంది. పైగా చివరిదాకా ఆగడమంటే, ముందు ఎత్తుకున్నవాళ్లు కడతారన్న నమ్మకం మీద డబ్బు వదిలిపెట్టడమే. అందుకే ఎత్తుకునేవాళ్ల దగ్గర జామీను గట్టిగా తీసుకునే సంస్థే ఆగేవాళ్లకు మంచిది.

రిజిస్టరైన చీటీలో ప్రతి పాటకూ మినిట్స్ రాస్తారు, అవి చిట్స్ రిజిస్ట్రార్‌కు చేరతాయి. కాబట్టి చేరే ముందు అదే సంస్థలో, అదే విలువతో ఇటీవల ముగిసిన ఒక గ్రూపు పాటల పట్టిక చూపించమని అడగండి. నెలవారీ డివిడెండ్లు అందులోనే కనిపిస్తాయి. ఆ పట్టిక చూపించడానికి వెనకాడే చోట చేరకండి.