పురుగుకూ కరువే

సంక్రాంతి దాటాక సోమందేపల్లె చుట్టుపక్కల కళ్లాల్లో కంది కొట్టి తూర్పారబట్టిన గింజను చేతిలోకి తీసుకుంటే ఒక్క పురుగూ కనబడదు. నున్నగా, ఎర్రగా, గలగలమంటూ ఉంటుంది. అదే గింజను మూటగట్టి అటకెక్కించి, ఉగాదికి విప్పితే సంచి అడుగున పిండి రాలి ఉంటుంది. గింజలకు గుండుసూది తలంత గుండ్రటి బెజ్జాలుంటాయి. గోధుమరంగు పురుగులు గోడ మీదికి పాకుతుంటాయి. మూత సరిగా పెట్టలేదనో, సంచికి చిల్లు పడిందనో ఇంట్లో ఒకర్నొకరు అనుకుంటారు. కానీ చాలా ఇళ్లలో ఆ పురుగు సందులోంచి దూరి వచ్చింది కాదు. చేనులో కాయ ఎండుతున్నప్పుడే తల్లి పురుగు వచ్చి గుడ్లు అంటించి పోయింది. గింజతోపాటే అది ఇంటికి నడిచొచ్చింది.

దీన్ని పుచ్చు పురుగు అంటాం. కందికి, పెసరకు, అలసందకు, శనగకు పట్టేది ఇదే జాతి. పెద్దదయ్యాక ఇది దాదాపు ఏమీ తినదు, పది పన్నెండు రోజులు బతికి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. తినేదంతా గింజ లోపల ఉండే పిల్ల పురుగే. ఒక్కో తల్లి ఎనభై దాకా గుడ్లను గింజ పైపొట్టుకు జిగురుతో అంటిస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల బయట ఒక్క అడుగూ వేయకుండా, గుడ్డు అడుగునుంచే గింజలోకి తొలుచుకుపోతుంది. మన వేడికి సుమారు నెల రోజుల్లో పెద్ద పురుగై బెజ్జం చేసుకుని బయటికొస్తుంది.

లెక్క వేసి చూడండి. ఒక తల్లి నుంచి నెలకు ఎనభై. వాటిలో సగం ఆడవనుకుంటే, అన్నీ బతికితే, రెండో నెలాఖరుకు మూడు వేల రెండు వందలు. కిలో కందుల్లో సుమారు పదివేల గింజలుంటాయి. అంటే సంక్రాంతికి ఒక్క పురుగున్న మూటలో ఉగాదికల్లా కిలోలో మూడోవంతు పుచ్చిపోవచ్చు. అందుకే పురుగు కనబడ్డాక మేలుకుంటే ఆలస్యమైనట్టే. ఇంటికి తెచ్చిన వారంలోనే చూడాలి. వంద గింజలు తెల్లకాగితం మీద పోసి వెలుతురులో తిప్పి చూస్తే ఉప్పుకణం లాంటి చుక్కలు అంటుకుని కనిపిస్తాయి. చుక్క గాజులా తేటగా ఉంటే గుడ్డు ఇంకా పొదగలేదు. పాలలా తెల్లగా ఉంటే పిల్ల గింజలోకి వెళ్లిపోయింది. అది తొలిచిన పొడి వెనక పెంకులో నిండడం వల్లే ఆ తెలుపు.

ఇక్కడొక ప్రశ్న ఉంది. ఎండిన కందిగింజలో నీళ్లుండేది నూటికి పది పాళ్లు. ఆ పిల్ల పురుగు నెల రోజులూ గుక్కెడు నీళ్లు తాగకుండా ఎలా బతుకుతుంది? తన నీటిని తానే తయారు చేసుకుంటుంది. పిండి పదార్థాన్ని గాలిలోని ఆక్సిజన్‌తో మండిస్తే శక్తితోపాటు నీరూ పుడుతుంది. వంద గ్రాముల గ్లూకోజు పూర్తిగా మండితే అరవై గ్రాముల నీరు వస్తుంది. ఆ కొద్ది నీరు ఆవిరైపోకుండా ఒంటి మీద సన్నటి మైనపు పొర కాపాడుతుంది. నీటిని పుట్టించే ఆక్సిజన్, నీటిని పట్టి ఉంచే మైనం, ఈ రెండే పురుగు బతుకుకు ఆధారం. వాన తక్కువైన ఈ నేలలో మన పెద్దలు ఈ రెంటినీ దెబ్బతీసే పనులే పట్టుకున్నారు.

మైనం సంగతి మొదట. కందిబ్యాళ్లు చేసే ముందు కందులకు ఎర్రమట్టి పట్టించడం చూసే ఉంటారు. రాళ్లులేని ఎర్రమట్టిని జల్లించి, చిక్కగా కలిపి, గింజలకు రుద్ది, రాత్రంతా కుప్పగా ఉంచి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టి విసుర్రాయిలో విసురుతారు. పొట్టు సులువుగా వదలడానికే అంటారు, అది నిజమే. కానీ ఆ మట్టికి ఇంకో గుణముంది. సన్నటి పొడి పురుగు ఒంటికి అంటుకుని మైనాన్ని గీకుతుంది, పీల్చేస్తుంది. ఆ తర్వాత ఒంట్లో తేమ నిలవదు. బొగ్గు, బంకమట్టి పొడులకున్న ఈ పురుగు చంపే గుణం గురించి 1959లోనే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మజుందార్, నరసింహన్, సుబ్రహ్మణ్యన్ నేచర్ పత్రికలో రాశారు. గాలిలో తేమ తక్కువైతేనే ఈ పొడులు బాగా పనిచేస్తాయి. అదే తేమగా ఉండే కోస్తా ఊళ్లో అంత ఫలితం రాదు. బ్యాళ్లుగా పగిలిన గింజ మీద తల్లి పురుగుకు గుడ్లు పెట్టడం అంత ఇష్టముండదు, పిల్లకు తిండీ చాలదు. కాబట్టి ఏడాదికి సరిపడా కందులు దాచుకునేవారు వాటిని గింజగా కాక బ్యాళ్లుగా దాచడమే మేలు.

అయితే మట్టి గింజ పైనే పనిచేస్తుంది. లోపలికి దూరిన పిల్లను ఏమీ చేయలేదు. దానికి ఎండే కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మిద్దె మీద గింజ పరిచి సాయంత్రం ఎత్తితే సరిపోతుందనుకుంటారు. ఆ వేడికి పెద్ద పురుగులు లేచి నీడకు పోతాయి, చీకటి పడ్డాక తిరిగొస్తాయి. లోపలి పిల్ల మాత్రం హాయిగానే ఉంటుంది. గింజ మధ్యదాకా 57 డిగ్రీల వేడి ఒక గంట నిలిస్తేనే గుడ్డు మొదలు పెద్ద పురుగు దాకా అన్నీ చస్తాయని అలసందల మీద జరిగిన పరిశోధనలో తేలింది. మనకు దగ్గర్లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనూ కందుల మీద ఇదే పద్ధతిని ప్లాస్టిక్ సంచులతో పరీక్షించారు.

పది కిలోల కందులకు ఇలా చేయొచ్చు. మిద్దె మీద వరిగడ్డి గానీ పాత బొంత గానీ పరచాలి, కింది గచ్చు వేడి లాగేయకుండా. దాని మీద ఐదడుగుల చదరం నల్ల ప్లాస్టిక్ పట్ట వేసి, కందులు ఒకటి రెండు గింజల మందాన పలచగా పోయాలి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పట్ట కప్పి అంచులన్నీ రాళ్లతో బిగించాలి. మార్చి ఎండలో పదకొండింటికి మొదలుపెట్టి మూడింటిదాకా కదపకూడదు. గింజల మధ్య ఒక థర్మామీటరు పెడితే 57 దాటిందో లేదో ఊహించుకోవలసిన పనే ఉండదు. అరగంట కాకముందే పై పట్ట లోపల నీటి బొట్లు కట్టాయంటే గింజ ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఆ రోజు పట్ట తీసి మామూలుగా ఎండబెట్టి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. గింజ ఎండిందో లేదో ముందే తెలియాలంటే పొడి గాజు సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఆడించి పది నిమిషాలు ఉంచాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ ఎక్కువున్నట్టే.

మూడింటికి పట్ట తీసి, గింజను నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, చీకటి పడకముందే డబ్బాకెత్తాలి. వేడిమీదే మూత పెడితే లోపల చెమ్మ కట్టి బూజు వస్తుంది. రాత్రంతా ఆరుబయట వదిలేస్తే కొత్త పురుగులు వచ్చి గుడ్లు పెడతాయి. వచ్చే ఏడు విత్తనానికి ఉంచిన గింజైతే అందులో పది తీసి తడిగుడ్డలో మొలకెత్తించి చూసుకుంటే నిశ్చింత.

ఇక ఆక్సిజన్ మాట. పాతకాలంలో మన వైపు రాగులు, జొన్నలు పాతరల్లో దాచేవారు. నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజ నింపి, పైన మట్టితో మూసేవారు. గింజా, అందులోని పురుగులూ ఊపిరి పీల్చి లోపలి ఆక్సిజన్‌ను తీసేసేవి, బొగ్గుపులుసు వాయువు నిండేది. పాతర తెరిచిన వెంటనే ఎవర్నీ దిగనిచ్చేవారు కాదు, దీపం దించి చూసేవారు. పురుగులు లోపల ఊపిరాడక చచ్చాయనే అందరూ అనుకునేవారు. 2012లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన లారీ మర్డాక్ బృందం అలసంద పుచ్చు పురుగు మీద చేసిన పరిశోధనలో తేలింది వేరు. ఆక్సిజన్ తగ్గితే పురుగు తిండి మానేస్తుంది, నీటిని పుట్టించుకోలేదు. చివరికి ఎండిపోయి చస్తుంది. గాలి చొరని చోట, ఎండిన గింజలో, అది దాహంతోనే పోతుందన్నమాట.

ఇప్పుడు పాతర తవ్వక్కర్లేదు. బిగుతైన మర మూత ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు చాలు. చల్లారిన కందుల్ని మెడదాకా, ఖాళీ లేకుండా తట్టి తట్టి నింపి మూత బిగించి, మూడు వారాలు ముట్టకూడదు. స్టీలు డబ్బా ఇందుకు పనికిరాదు, దాని మూత గాలిని ఆపదు. తెరిచిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి పోతుంది కాబట్టి పెద్ద డ్రమ్ము కన్నా వారానికో సీసా చొప్పున నింపుకోవడం మంచిది. డబ్బాలో కర్పూరమో కొవ్వొత్తో వెలిగించి మూత పెట్టే చిట్కా నమ్మకండి. గాలిలో ఆక్సిజన్ 21 పాళ్ల నుంచి 16 దగ్గరికి వచ్చేసరికే మంట ఆరిపోతుంది. పురుగు చావాలంటే అది మూడు పాళ్లకు దిగాలి.

మాటిమాటికీ తెరిచే డబ్బాలోని గింజకు ఆముదం పట్టించవచ్చు. కిలోకు ఒక చెంచా, అంటే ఐదు మిల్లీలీటర్లు, అరచేతుల్తో బాగా రుద్దాలి. ఆ జిడ్డు గుడ్డుకు గాలి తగలనివ్వదు. లోపలి పిల్లను మాత్రం ఇది చంపదు, అందుకే ఎండబెట్టిన తర్వాతే పట్టించాలి. పచ్చి వేపాకు వేయడం నాకు నచ్చదు. వాసన పెద్ద పురుగును కొంత తరమవచ్చు గానీ, ఆకు తేమ గింజకెక్కి బూజు పట్టిస్తుంది. బియ్యంలో బోరిక్ పొడి కలపడం, డ్రమ్ములో గ్యాసు బిళ్లలు వేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల తేమ తగలగానే వదిలే ఫాస్ఫీన్ వాయువు మూసిన గదిలో మనుషుల్ని చంపుతుంది. ఇళ్లలో దాన్ని వాడడానికి మన దేశంలో అనుమతి లేదు.

బియ్యం, పిండి మాట వేరు. బియ్యంలోని ముక్కు పురుగు గింజకు తూటు చేసి గుడ్డు లోపలే పెట్టి, తూటును మూసేస్తుంది కాబట్టి గుడ్డు చూసి పట్టుకోవడం కుదరదు. మండుటెండలో పెడితే బియ్యం పగులుతుంది, నూకవుతుంది. నీడలో ఆరబెట్టి సీసాలు, క్యాన్లు నిండా నింపి మూసేయడమే దారి. రాగిగింజ చాలా చిన్నది, ముక్కు పురుగు పిల్ల అందులో పెరిగే చోటుండదు. అందుకే రాగులు ఏళ్ల తరబడి నిలుస్తాయి. కానీ పిండి పట్టించాక ఆ రక్షణ పోతుంది. పిండిలో పుట్టే ఎర్ర పురుగు వేరే జాతి, గింజ జోలికి రాదు, పొడి దొరికితే చాలు. సంగటికి నెలకు సరిపడా మాత్రమే పట్టించుకుని, పాత పిండి మీద కొత్త పిండి పోయకుండా, డబ్బా కడిగి ఎండబెట్టి నింపాలి. ఫ్రీజరున్నవారు పిండి సంచిని నాలుగు రోజులు అందులో ఉంచి, బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా విప్పకుండా వాడుకోవచ్చు. పిండి కొద్దిగా గులాబీ రంగుకు తిరిగి ఘాటైన వాసన వస్తోందంటే ఆ పురుగు వదిలిన క్వినోన్లు అందులో కలిసినట్టే. జల్లిస్తే పురుగు పోతుంది గానీ అవి పోవు. ఆ పిండిని సంగటికి వాడకుండా, ఇంటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి.