సముద్రం అడుగున పారిన వరద

1929 నవంబర్ 18న కెనడా తూర్పు తీరాన, న్యూఫౌండ్‌లాండ్‌కు దక్షిణంగా సముద్రంలో భూకంపం వచ్చింది. తీవ్రత 7.2. యూరప్‌నూ అమెరికానూ కలిపే టెలిగ్రాఫ్ కేబుళ్లు చాలావరకు ఆ అడుగునే పరిచి ఉన్నాయి. భూకంప కేంద్రం దగ్గర ఉన్నవి వెంటనే తెగిపోయాయి. అందులో వింతేమీ లేదు. కానీ భూమి అదరడం ఆగిపోయాక కూడా, ఇంకా దక్షిణాన, ఇంకా లోతులో ఉన్న కేబుళ్లు ఒకదాని తర్వాత ఒకటి వరుస తప్పకుండా తెగుతూ పోయాయి. చివరిది తెగింది భూకంపం వచ్చిన 13 గంటల 17 నిమిషాలకు.

సందేశం ఆగిన క్షణం ఒడ్డునున్న యంత్రం మీద తెలిసిపోతుంది కాబట్టి కేబుల్ కంపెనీల దగ్గర తెగిన సమయాలు నిమిషాలతో సహా ఉన్నాయి. బ్రూస్ హీజెన్, మారిస్ యూయింగ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1952లో ఆ సమయాలను దూరాల పక్కన పెట్టి చూశారు. భూకంపానికి జారిపడిన మట్టి నీళ్లలో కలిసి, వాలు మీదుగా వరదలా పారుతూ దారిలో ఉన్న తీగల్ని తెంచుకుంటూ పోయిందని తేల్చారు. ఆ వరద వాలు మీద గంటకు 60 కిలోమీటర్లు దాటింది. చదునైన అడుగుకు చేరాక కూడా 20 పైనే ఉంది. తర్వాత అక్కడి అడుగు మట్టిని గొట్టాలతో తవ్వి తీస్తే, ఆ వరద వేసిన మేట దొరికింది. ఇలాంటి ప్రవాహాన్నే టర్బిడిటీ కరెంట్ అంటారు.

గోదావరిలో నీళ్లు ఇసుకను మోసుకుపోతాయి. ఇక్కడ సంగతి తలకిందులు, ఇసుకే నీళ్లను లాక్కుపోతుంది. బురద కలిసిన నీళ్లు చుట్టూ ఉన్న సముద్రపు నీటికన్నా బరువు. అందుకే అవి పైకి కలిసిపోకుండా అడుగునే అంటిపెట్టుకుని వాలువైపు జారుతాయి. జారే వేగానికి సుడులు పుడతాయి, ఆ సుడులు రేణువుల్ని కింద పడనివ్వవు, రేణువులు పడనంతకాలం బరువు తగ్గదు. వాలు తగ్గి వేగం మందగిస్తే ఈ వలయం తెగిపోతుంది. అప్పుడు మోసుకొచ్చిన సరుకు దిగడం మొదలవుతుంది.

దిగడంలో ఓ క్రమం ఉంది. గాజు గ్లాసులో ఇసుక, చెరువు మట్టి వేసి బాగా కలిపి పక్కన పెడితే ఎవరికైనా కనిపిస్తుంది: ముందు ముతక ఇసుక, తర్వాత సన్నది, ఆఖరున బురద. సన్నటి రేణువులు నీళ్లలో దిగే వేగం వాటి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. పదో వంతు సైజున్న రేణువు వందో వంతు వేగంతోనే దిగుతుంది. మిల్లీమీటరులో అయిదో వంతున్న ఇసుక రేణువుకు మీటరు దిగడానికి నిమిషం పడితే, మిల్లీమీటరులో అయిదువందలో వంతున్న బంకమట్టి రేణువుకు దాదాపు ఏడు రోజులు పడుతుంది. అలా ఒకే వరద నుంచి అడుగున ముతక, పైన సన్నం అయిన పొర ఏర్పడుతుంది. దాని పేరు గ్రేడెడ్ బెడ్. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లోని ఆనో ఇసుకరాళ్లను పరిశీలించిన డచ్ శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ బౌమా 1962లో ఈ పొరలోని అరల వరుసను వివరించాడు. అడుగున గట్టి ఇసుక, దానిమీద సన్నని చారలు, ఆపైన అలల గుర్తులు, మళ్లీ చారలు, పైన బురద. అయిదు అరలూ ఒక్కచోటే కనబడటం మాత్రం అరుదు.

ఇలాంటి వరదలు లక్షల ఏళ్లు ఒకే లోయగుండా వస్తుంటే విసనకర్ర ఆకారంలో మేట పెరుగుతుంది. ప్రపంచంలో అతి పెద్దది మన బంగాళాఖాతంలోనే ఉంది. గంగా బ్రహ్మపుత్రల మట్టితో పేరుకున్న బెంగాల్ ఫ్యాన్ పొడవు దాదాపు 3000 కిలోమీటర్లు, శ్రీలంకను దాటి దక్షిణానికి పోతుంది. ప్రవాహం పై భాగం, అంటే సన్నటి బురద, కాలువ అంచులు దాటి పొర్లి ఇరువైపులా గట్లు వేస్తుంది. ముతక ఇసుక కాలువలోనే ఉండిపోతుంది. గట్లతోపాటు కాలువ అడుగు కూడా లేచి, చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తవుతుంది. అప్పుడెప్పుడో గండి పడుతుంది, ప్రవాహం పల్లం చూసుకుని కొత్త దారి పట్టుకుంటుంది. డెల్టా రైతులకు ఈ కథ కొత్తదేం కాదు. కాలువ ముగిసేచోట ఇసుక దుప్పటిలా పరుచుకుంటుంది. ఫ్యాన్ అంటే ఇలా వదిలేసిన కాలువలు, గట్లు, దుప్పట్లు ఒకదానిమీద ఒకటి పేర్చిన గుట్ట.

చమురు వెతికేవాళ్లకు కావలసింది ఇసుక రేణువుల మధ్య ఖాళీలు. అక్కడా అదే వర్గం లెక్క పనిచేస్తుంది. రేణువు సైజు సగమైతే, రాతిగుండా చమురు పారే సులువు సుమారుగా నాలుగో వంతుకు పడిపోతుంది. గ్రేడెడ్ బెడ్‌లో అందువల్ల మంచి సరుకంతా కింది భాగంలోనే. పైనున్న బురద మూతలా పనిచేస్తుంది, తర్వాతి వరద వేసిన ఇసుకకూ దీనికీ మధ్య గోడ అవుతుంది. ఒక బావి పై పొరను తోడేసినా కింది పొర కదలకపోవచ్చు. తర్వాతి వరద ముతకదైతే ఆ బురదను గీరేసి, ఇసుక మీదే ఇసుక వేస్తుంది. అప్పుడు పది పొరలూ ఒకే తొట్టిలా పనిచేస్తాయి. కాలువల్లో ఇది ఎక్కువ, దుప్పటి అంచుల్లో తక్కువ. గట్టుమీద పొరలు అంగుళం మందాన ఉండి మధ్యమధ్య బురదతో ఉంటాయి.

ఇక్కడే ఓ పొరపాటు జరుగుతుంటుంది. బావిలోకి దించే గామా రే పరికరం బురద ఎక్కడ ఎక్కువో చెబుతుంది, గీత గంట ఆకారంలో వస్తే పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నట్టు. కానీ ఆ పరికరం అర మీటరుకన్నా సన్నటి వివరాన్ని సరిగా చూడలేదు. ఇరవై మీటర్ల గంట కనబడితే అది ఒక్క వరద వేసిన పొర కాదు, కాలువ మెల్లగా పూడిపోతున్నప్పుడు పేరుకున్న ఎన్నో పొరల కట్ట. సంగతి తేలాలంటే కోర్, అంటే బావి నుంచి తీసిన రాతి కడ్డీ, చేతిలో ఉండాలి. అదున్నా తొందరపడకూడదు. నది వరదలు, తుపానులు కూడా ముతక మీద సన్నం వేస్తాయి. పొరల మధ్య బురదలో లోతైన సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలు ఉన్నాయా, పొర అడుగున ప్రవాహం గీసిన గాట్లు ఉన్నాయా అని చూడాలి.

కాకినాడ తీరానికి ఎదురుగా, లోతు నీళ్లలో ఉన్న కేజీ-డీ6 బ్లాకు దీనికి మంచి ఉదాహరణ. 2002లో గ్యాస్ దొరికింది, 2009 ఏప్రిల్‌లో గాడిమొగకు రావడం మొదలైంది. ఆ ఇసుకలను గట్లున్న లోతు సముద్రపు కాలువల్లో టర్బిడిటీ ప్రవాహాలు వేసినవిగా చదివారు. 2009లోనే జి. షణ్ముగం, ఆయన సహరచయితలు ఆ తీరంలోని ఇసుకల కోర్లను వేరే విధంగా చదివారు. వాళ్ల దృష్టిలో చాలా ఇసుకలకు గ్రేడింగ్ లేదు. బురద ముక్కలు పొర మధ్యలో తేలుతున్నట్టు ఇరుక్కుని ఉన్నాయి, పై అంచు ఉన్నట్టుండి తెగుతుంది. సుడుల్లోంచి ఒక్కొక్కటిగా దిగిన రేణువులు అలా ఉండవు, చిక్కని ముద్ద జారుతూ ఉన్నచోటే బిగుసుకుపోతే అలా ఉంటాయి. కొన్ని పొరల్లో పోటుపాట్ల లయ కూడా కనబడిందన్నారు. అదే నిజమైతే ఆ ఇసుక సముద్రగర్భ లోయల్లో చిక్కుకున్నదే తప్ప బయట దుప్పటిలా పరుచుకున్నది కాదు. ఒక బావిలో దొరికిన ఇసుక పక్క బావిదాకా ఉంటుందని ఊహించే హక్కు పోతుంది.

తర్వాత ఆ క్షేత్రంలో ఉత్పత్తి అనుకున్నంత నిలవలేదు. రాతి పొరలే చిక్కుగా ఉన్నాయని ఒకరు, తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని మరొకరు, కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య వాదం ఏళ్లపాటు నడిచింది. ఆ తీర్పు చెప్పే పని కోర్‌ది కాదు. నిలువునా కోసిన కడ్డీని బల్లమీద పరిచి, భూతద్దంతో ఒక పొర అడుగు నుంచి వేలి వెడల్పు చొప్పున పైకి జరుగుతూ రేణువు సైజు రాసుకునేవాడు చెప్పగలిగేది ఒక్కటే: ఈ ఇసుక సుడుల్లోంచి నెమ్మదిగా దిగిందా, ముద్దగా వచ్చి ఆగిపోయిందా అని.