తొట్టి నిండుగానే ఉంటుంది, చివరి గేదెకే నీళ్ళుండవు

పల్నాడులో మే నెల. ఎండ 43 డిగ్రీలు దాటింది. కొట్టంలో 20 పశువులున్నాయి: పూటకు నాలుగు లీటర్ల చొప్పున రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే పాడి గేదెలు 8, వట్టిపోయినవీ చూడివీ కలిపి 4, పడ్డలు 4, దూడలు 4. వీటికి రోజుకు ఎన్ని నీళ్ళు కావాలి? ఎంత తొట్టి కట్టాలి? రోజుకు ఎన్నిసార్లు నింపాలి? మన ఊళ్ళలో చాలామంది ఈ లెక్కను వెనక నుంచి మొదలుపెడతారు. మేస్త్రీని పిలిచి, స్థలం ఉన్నంతలో తొట్టి కట్టించి, అది ఖాళీ అయినప్పుడల్లా మోటారు వేస్తుంటారు. పశువు వైపు నుంచి మొదలుపెడితే లెక్క వేరుగా వస్తుంది.

ముందు ఒక గేదె సంగతి చూద్దాం. పాలలో నూటికి 80 వంతులకు పైగా నీళ్ళే. ఒక లీటరు పాలివ్వాలంటే, తన ఒంటికి కావలసినవి కాక మరో నాలుగు లీటర్ల దాకా తాగాలి. ఎనిమిది లీటర్లిచ్చే గేదెకు అలా 32 లీటర్లు. పాలు లేకపోయినా ఈ ఎండల్లో పెద్ద గేదె ఒంటికే 50, 60 లీటర్లు పడతాయి. నల్లటి తోలు ఎండను పీల్చుకుంటుంది, చెమట గ్రంథులు ఆవుకున్నన్ని ఉండవు. అందుకే అది రొప్పుతూ నీళ్ళ కోసం, నీడ కోసం, బురద కోసం వెతుక్కుంటుంది. రెండూ కలిపి పాడి గేదెకు 85 లీటర్లు అనుకుందాం. వట్టిపోయిన గేదెకు 60, పడ్డకు 35, పాలు మానుతున్న దూడకు 10. కూడితే 1,100 లీటర్లు. ఒలికేవీ ఆవిరయ్యేవీ కలుపుకుంటే 1,200.

ఈ అంకెను రాతి మీద చెక్కుకోవద్దు. మేతను బట్టి అది బాగా మారుతుంది. 20 కిలోల పచ్చి జొన్నలో దాదాపు 16 లీటర్ల నీళ్ళు దాగి ఉంటాయి, గేదె వాటిని నమిలి తాగేస్తుంది. ఆరు కిలోల వరిగడ్డిలో ఉండేది అర లీటరు పైచిలుకు. అందుకే పచ్చిమేత అయిపోయి ఎండుగడ్డి మీదే నెట్టుకొచ్చే రోజుల్లో తొట్టి ఉన్నట్టుండి త్వరగా ఖాళీ అవుతుంది. కుడితి పెట్టే ఇళ్ళలో ఆ నీళ్ళు కూడా లెక్కలోకే వస్తాయి. వానాకాలం, చలికాలం పచ్చిగడ్డి దండిగా ఉంటే ఇదే మంద 700 లీటర్లతో సరిపెట్టుకుంటుంది.

1,200 లీటర్లు తాగుతాయి కాబట్టి 1,200 లీటర్ల తొట్టి కడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పశువులు నీళ్ళను గంటకింతని పంచుకుని తాగవు. పాలు పితికాక ఒకసారి, మేసి వచ్చాక ఒకసారి, మేత తిన్నాక ఒకసారి గుంపుగా వస్తాయి. పెళ్ళిలో ఎంత బియ్యం వండామన్నది ఒక లెక్క, మొదటి బంతికి ఎన్ని విస్తళ్ళు వేయగలమన్నది ఇంకో లెక్క. తొట్టికి కావలసింది రెండో లెక్క.

మన మంద దినచర్యను పూటలుగా విడగొడదాం. పొద్దున పాలు పితికాక సుమారు 300 లీటర్లు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బీడు నుంచి వచ్చి నేరుగా తొట్టి దగ్గరికే నడుస్తాయి, అప్పుడు 480. సాయంత్రం పితికాక మళ్ళీ 300. రాత్రి ఒకటీ అరా లేచి తాగేవి 120. అన్నిట్లోకీ గట్టి పూట మధ్యాహ్నం. దాహంగా ఉన్న గేదె నిమిషానికి పది లీటర్లు సునాయాసంగా లాగేస్తుంది. ఒక్కోటి మూడు నాలుగు నిమిషాలు తలెత్తదు.

ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు నీళ్ళుండే తొట్టిని తీసుకుందాం. గోడకు ఆనించి కట్టారు కాబట్టి ఒకవైపు నుంచే తాగాలి. పెద్ద గేదెకు కనీసం రెండడుగుల చోటు కావాలి, అంటే ఒకసారి నాలుగు. దూడలు వేరే చిన్న తొట్టిలో తాగుతాయి. పెద్ద తొట్టి అంచు నేల నుంచి రెండడుగుల పైన ఉంటే వాటికి అందదు మరి. మిగతా 16 నాలుగు వరసల్లో తాగి వెళ్ళేసరికి పావుగంట, తోపులాట ఉంటే ఇరవై నిమిషాలు.

ఘనపుటడుగుకు 28.3 లీటర్ల లెక్కన ఈ తొట్టిలో 680 లీటర్లు పడతాయి. కానీ అడుగున నాలుగంగుళాల నీళ్ళను లెక్కలోంచి తీసేయాలి. అక్కడ మేత తుక్కు, తవుడు, బురద పేరుకుని ఉంటాయి. పశువు మూతి పెట్టినా పెదవులతో గీకడమే తప్ప గుక్క నిండదు. పనికొచ్చేవి 530 లీటర్లు. మధ్యాహ్నపు 480కి అది చాలు, కాని అంతకంటే పెద్దగా మిగలదు. మంద రాకముందే తొట్టి నిండి ఉండాలి. వచ్చాక మోటారు వేద్దాంలే అనుకుంటే మొదటి రెండు వరసలు ఉన్నవి లాగేసుకుంటాయి.

ఆ మొదటి రెండు వరసల్లో ఏవి ఉంటాయో పాడి రైతుకు చెప్పనక్కర్లేదు. కొమ్ముల బలం ఉన్నవి, మందలో పెత్తనం చేసేవి. తొలిచూలు పడ్డ, కుంటుతున్న గేదె, కొత్తగా కొనుక్కొచ్చింది వెనక నిలబడతాయి. ముందువి తాగి నీడకు కదలగానే వెనకవి నీళ్ళ దగ్గర ఒంటరిగా ఆగవు. సగం గొంతు తడుపుకుని మంద వెంట పోతాయి. సాయంత్రం తొట్టిలో నీళ్ళు కనిపిస్తున్నా, ఒక గేదె పాలు మాత్రం అర లీటరు తగ్గుతాయి. దాణా మార్చి చూస్తారు, డాక్టరును పిలుస్తారు. ఆ పావుగంట తొట్టి పక్కన నిలబడి చూస్తే కారణం కనపడేది.

అక్కడ చూడాల్సినవి పెద్దగా లేవు. చివరి పశువు తలెత్తాక అడుగు నుంచి నాలుగంగుళాల పైన ఇంకా నీళ్ళున్నాయా? ఏదైనా ఖాళీ తొట్టి నాకుతోందా? తాగకుండా వెళ్ళినదేది? దాని పేడ గట్టిగా ఉండలు కడుతుంటే, మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోతే, కళ్ళు లోపలికి పోయినట్టుంటే దానికి ఒక పూట కాదు, కొన్ని పూటలుగా నీళ్ళు చాలడం లేదు.

ఇక నింపే వేళలు. బాల్ వాల్వ్ లేకుండా చేత్తో తిప్పే గొట్టమైతే 1,200ను 530తో భాగించాలి. రెండుంపావు వస్తుంది, అంటే మూడుసార్లు. ఎనిమిది గంటలకోసారని గడియారం చూసి నింపితే పని జరగదు. పొద్దున పితకడానికి ముందు, పదకొండున్నరకు, సాయంత్రం పితకడానికి ముందు నింపాలి. సాయంత్రం తాగి వెళ్ళాక మిగిలిన 230 లీటర్లలో రాత్రి దాహానికి 120 సరిపోతాయి.

మరి కరెంటు? ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ బోర్లకు పగటిపూట 9 గంటలు త్రీఫేజు ఇస్తారు. పాలు పితికే అయిదు గంటలకు బోరు నడవదు. సాయంత్రం కరెంటు పోయింది మొదలు మర్నాడు వచ్చేదాకా సాయంత్రం 300, రాత్రి 120, పొద్దున 300, మొత్తం 720 లీటర్లు కావాలి. తొట్టిలో 530 ఉన్నాయి. లోటు 190. ఈ లోటు కోసం తొట్టిని పెంచకూడదు, పైన ట్యాంకు పెట్టుకోవాలి. 1,000 లీటర్ల నల్ల ట్యాంకు ఉంటే రాత్రి గడిచిపోతుంది, పొద్దున మోటారు కాలిపోయినా మధ్యాహ్నం దాకా ఊపిరి పీల్చుకోవచ్చు. దానికి నీడ తప్పనిసరి. ఎండలో కాగిన నీళ్ళను గేదె మూతి పెట్టి వదిలేస్తుంది.

ట్యాంకు నుంచి బాల్ వాల్వ్‌తో తొట్టికి నీళ్ళు వస్తుంటే లెక్క ఇంకా మారుతుంది. వాల్వ్ నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తోందో ముందు కొలవాలి. 20 లీటర్ల బకెట్ పట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూస్తే చాలు. 80 సెకన్లయితే నిమిషానికి 15 లీటర్లు. మంద తాగే పావుగంటలో 225 లీటర్లు కొత్తగా వచ్చి చేరతాయి. 480లో అవి పోగా తొట్టిలో ముందే ఉండాల్సినవి 255. అంటే 300 లీటర్లు పనికొచ్చే తొట్టి ఉన్నా గండం గడుస్తుంది. అయితే లోతు తగ్గించి తొట్టిని చిన్నది చేయాలి, పొడవు తగ్గించకూడదు. నాలుగు గేదెలు నిలబడే చోటు పోతే చివరిదాని నిరీక్షణ రెట్టింపవుతుంది. వాల్వ్ మీద రాతిపలకో ఇనుప రేకో కప్పకపోతే మాత్రం వారంలోపే ఏదో ఒక గేదె బంతిని విరిచేస్తుంది. ఇసుక ఇరుక్కుని వాల్వ్ మూసుకుపోవడం దీనికంటే ప్రమాదం. బయటికి ఏమీ కనిపించదు, ధార మాత్రం సన్నబడుతుంది. నెలకోసారి ఆ బకెట్ పరీక్ష మళ్ళీ చేయాలి.

ఎప్పుడైనా ఒక రోజంతా నీళ్ళు అందక మంద నాలుకలు చాపుకుని వచ్చిందనుకోండి, తొట్టి మీదికి వదలకండి. దూడల విషయంలో మరీ జాగ్రత్త. ఆగకుండా కడుపునిండా తాగిన దూడకు ఎర్రకణాలు పగిలి మూత్రం ఎర్రగా వస్తుంది. కొన్నిసార్లు ప్రాణం మీదికొస్తుంది. రెండు మూడు లీటర్లు ఇచ్చి, కాసేపు ఆపి, మళ్ళీ ఇవ్వాలి.

ఊరుమ్మడి తొట్లకూ ఇదే సూత్రం, అంకెలే పెద్దవి. అడవి నుంచి మధ్యాహ్నం 150 ఆవులు దిగితే తలకు 20 లీటర్లనుకున్నా అరగంటలో 3,000 లీటర్లు. ఉపాధి హామీ కింద కట్టిన కొన్ని తొట్లు తళతళలాడుతూ ఎండిపోయి కనిపించడానికి సైజు కారణం కాదు. నింపే బోరు ఎక్కడుంది, మోటారు ఎవరు వేస్తారన్నది కట్టేటప్పుడే తేల్చుకోలేదు.

పెద్ద తొట్టితో వచ్చే చిక్కు వానలు పడ్డాక బయటపడుతుంది. వాడకం 700కు తగ్గినా మూడుసార్లూ నిండా నింపితే పాత నీళ్ళ మీద కొత్త నీళ్ళు పడుతుంటాయి. లాలాజలం, గడ్డిపోచలు నాని గోడలకు పాచి పడుతుంది, దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి పూర్తిగా వదిలి, చీపురుతో రుద్ది, పదిహేను రోజులకోసారి గోడలకు సున్నం కొట్టాలి. అడుగున అరంగుళం గొట్టం పెట్టిన తొట్టిని కడగాలంటే పూట పడుతుంది. రెండంగుళాల గొట్టం పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పాలి. లోపలి గోడ మీద అంగుళానికో గీత రంగుతో వేయించుకుంటే ఇంకా మేలు. ఈ కొలతల తొట్టిలో గీతకు 38 లీటర్లు దిగుతాయి. మంద రాకముందు ఏ గీత, వెళ్ళాక ఏ గీత అని రెండు మూడు రోజులు చూసుకుంటే ఆ కాలానికి ఎంత నింపాలో తెలిసిపోతుంది. వానాకాలంలో మధ్యాహ్నానికి ఏడెనిమిది గీతలు దిగుతుంటే, అడుగు నాలుగంగుళాలు పోను పది గీతల నీళ్ళు పెట్టి ఆపేయొచ్చు.