రెండు మైకులు, కదలని కెమెరా, ఒక పద్యం

తెనాలిలో ఓ ఇంటి హాల్లో పాత పద్యనాటక నటులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడించే వీడియో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకుందాం. ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, రెండు మైకులు, ఒకే కెమెరా. చాలామంది కెమెరా దగ్గరే ఖర్చు మొదలుపెడతారు. కానీ బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట సరిగా వినబడకపోతే మాత్రం రెండో నిమిషంలోనే వెళ్లిపోతారు. అందుకే పని మైకుతో మొదలవ్వాలి.

మన ఇళ్లలో నేల టైల్స్, గోడలు నున్నటి సిమెంటు, పైన ఫ్యాను. ఇలాంటి గదిలో కండెన్సర్ మైకు పెడితే వీధిలో వెళ్లే ఆటో చప్పుడు కూడా పట్టుకుంటుంది. దగ్గరి గొంతునే బాగా అందుకునే డైనమిక్ మైకు ఇక్కడ నయం. 1966 నుంచి వేదికల మీద కనిపిస్తున్న షూర్ ఎస్ఎం58 ఆ రకమే. ఏ మైకైనా నోటికి బెత్తెడు నుంచి జానెడు దూరంలో ఉండాలి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది ప్రతిధ్వని మాత్రం దాదాపు అంతే ఉంటుంది. కింద దుప్పటి పరిచి, కిటికీలకు మందపాటి పరదాలు వేసి, రికార్డింగ్ సేపు ఫ్యాను ఆపితే సగం ఇబ్బంది తీరిపోతుంది.

రెండు మైకులు ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. అతిథి మాట ఆయన మైకులోకే కాదు, ఎదుటివారి మైకులోకీ కాస్త ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపి వింటే గొంతు కుండలోంచి వస్తున్నట్టు బోలుగా మారుతుంది. నోటికీ మైకుకీ ఎంత దూరముందో, రెండు మైకుల మధ్య దానికి కనీసం మూడింతలు ఉండాలన్నది సౌండ్ ఇంజనీర్ల లెక్క. ఒక్కో మైకు వీపు ఎదుటి మనిషి వైపు తిరిగి ఉండాలి. రెండు ఎక్స్ఎల్ఆర్ మైకులను రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపి, ఒక్కో గొంతును విడి ట్రాక్‌లో రికార్డు చేయాలి. అప్పుడు ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు దగ్గినా, ఆ ట్రాక్‌ను అక్కడ తగ్గించేయవచ్చు.

ఇక కెమెరా. కదలదు కాబట్టి అన్నీ ముందే బిగించేయాలి: ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే అతిథి చేయి ఊపినప్పుడల్లా వెలుగు మారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ట్యూబులైట్ల మిణుకు బొమ్మలోకి రాదు. 4కేలో తీసి, 1080లో విడుదల చేసేలా ఎడిట్ చేస్తే ఇంకో లాభం ఉంది. ఇద్దరూ ఉన్న వెడల్పాటి దృశ్యంలోంచే ఒక్కొక్కరి దగ్గరి దృశ్యాన్ని నాణ్యత పోకుండా కత్తిరించుకోవచ్చు. ఒక్క కెమెరా మూడు కెమెరాల పని చేస్తుంది.

కెమెరా, ఆడియో వేర్వేరుగా నడుస్తాయి గనక మొదట్లో ఫ్రేములో కనబడేలా గట్టిగా ఒక చప్పట్లు కొట్టాలి. చివర్లోనూ ఒకటి కొట్టాలి. ఎడిటింగ్‌లో మొదటి చప్పట్లు కలిసి చివరివి కలవకపోతే రెండు పరికరాల గడియారాలు ఒకే వేగంతో నడవలేదని అర్థం. అప్పుడు ఆడియోను ఆ కాస్త మేర సాగదీయాలి, లేదా కుదించాలి.

ఇవన్నీ ఒకసారి కుదిరాక ప్రతి వారం మళ్లీ తలపట్టుకోకుండా కాపాడేది ఎపిసోడ్ చట్రం. బీబీసీ రేడియోలో 1942లో మొదలైన ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ ఇప్పటికీ నడుస్తోంది. నిర్జన ద్వీపానికి తీసుకెళ్లే ఎనిమిది రికార్డులను అతిథి ఎంచుకోవాలి. శాస్త్రవేత్త వచ్చినా వంటమనిషి వచ్చినా దారి అదే, వెళ్లేది మాత్రం కొత్త జీవితంలోకి. మన తెనాలి కార్యక్రమానికీ అలాంటి చట్రం చాలు: ముందు సంభాషణలోంచి తీసిన అరనిమిషం ముక్క, తర్వాత పరిచయం, తొలి వేషం కథ, అతిథి వెంట తెచ్చుకున్న ఒక వస్తువు, ఒక పద్యం, చివర అందరినీ అడిగే అదే ప్రశ్న. కొలతలు తెలుసు కాబట్టి ఎడిటింగ్‌లో ఎక్కడ కోయాలో వెతుక్కోవక్కర్లేదు.

చట్రంలో పద్యం ఉంది కాబట్టి రికార్డింగ్ లెవెల్ కూడా దాన్నిబట్టే పెట్టాలి. రంగస్థల నటుడు మామూలుగా మాట్లాడే గొంతుకు లెవెల్ సరిచూసుకుంటే, రాగం ఎత్తుకోగానే మీటర్ ఎర్రబడి గొంతు పగిలిపోతుంది. అలా పగిలిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. “మాస్టారూ, ఒక్కసారి పైస్థాయిలో ఎత్తుకోండి” అని ముందే పాడించి, మీటర్ మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోవాలి. మాట నెమ్మదిగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు.

అతిథి ఇంకా బల్ల దగ్గర ఉండగానే రెండు ట్రాకులనూ వీడియోనూ ఒక్క నిమిషం విని చూడండి, రెండు చోట్ల కాపీ చేయండి. ఆయన గడప దాటాక అదే పద్యం అదే ఊపుతో మళ్లీ దొరకదు.