సామాను ఎంత, బండి ఎంత?

ఇల్లు మారే రోజు మధ్యాహ్నానికి బండి నిండిపోతుంది. లిఫ్టు పక్కన ఇంకా ఫ్రిజ్, నాలుగైదు అట్టపెట్టెలు, పూలకుండీలు మిగిలే ఉంటాయి. మారేది పక్క వీధికే అయితే ఇంకో ట్రిప్పు వేస్తారు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్లాలంటే మధ్యలో 600 కిలోమీటర్లకు పైగా దూరం. అప్పటికప్పుడు రెండో బండిని ఎక్కడ వెతుకుతారు, అడిగిన కిరాయి ఇవ్వక ఏం చేస్తారు?

ఇలా జరగడానికి కారణం ఎక్కువసార్లు ఒకటే. బండిని గదుల లెక్కన మాట్లాడుకోవడం. ‘డబుల్ బెడ్‌రూమా, అయితే 14 అడుగుల బండి చాలు’ అని ఫోన్‌లోనే తేల్చేస్తారు. కొత్తగా కాపురం పెట్టిన జంట ఫ్లాటూ, పదిహేనేళ్లుగా ఉంటున్న కుటుంబం ఫ్లాటూ రెండూ డబుల్ బెడ్‌రూమే కావచ్చు. సామాను మాత్రం ఒకదానికి రెండింతలు రెండోది ఉంటుంది. కొలవాల్సింది గదుల్ని కాదు, సామాన్ని.

కొలతకు టేపు, కాగితం చాలు. వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. వడ్రంగులు, ప్యాకర్లు సీఎఫ్‌టీ అనేది దీన్నే. అంగుళాల్లో కొలిస్తే వచ్చిన లబ్ధాన్ని 1728తో భాగించాలి. ఎక్కడైతే ఎక్కువగా పొడుచుకొచ్చి ఉంటుందో అక్కడే టేపు పెట్టాలి. సోఫాకు చేతుల అంచు నుంచి అంచు వరకు, ఫ్రిజ్‌కు వెనకున్న కంప్రెసర్ ఉబ్బు, ముందున్న హ్యాండిల్ కలుపుకొని కొలవాలి. పైన చుట్టే దుప్పటి, అట్ట షీటు కోసం ప్రతి వైపూ ఒకటి రెండు అంగుళాలు కలపాలి.

ఫ్రిజ్ దగ్గరే చాలామంది పొరబడతారు. 260 లీటర్ల ఫ్రిజ్ అంటే ఘనపుటడుగుల్లో తొమ్మిదికి కాస్త ఎక్కువ. కానీ ఆ లీటర్లు లోపల ఆహారం పెట్టుకునే చోటుకు సంబంధించిన లెక్క. గోడల్లోని ఫోమ్, కంప్రెసర్, ప్యాకింగ్ అన్నీ కలిపి బయట కొలిస్తే 2.2, 2.4, 5.2 అడుగులు తేలవచ్చు. గుణిస్తే 27 ఘనపుటడుగులు. రాసి ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు.

మంచానిది దీనికి ఎదురు కథ. క్వీన్ సైజు మంచాన్ని బిగించి ఉండగా తలవైపు పలకతో కలిపి కొలిస్తే 120 ఘనపుటడుగులు దాటుతుంది. బోల్టులు ఊడదీసి తలపలక, కాళ్లవైపు పలక, పక్క పట్టీలు, ప్లైవుడ్ షీట్లు ఒకదానికొకటి ఆనించి కడితే 12కు దిగుతుంది. అందుకే ఊడేవి ఏవో, ఊడనివి ఏవో ముందే తేల్చుకున్నాక టేపు తీయాలి. మంచం అడుగున సామాను పెట్టుకునే పెట్టె ఉంటే ఇంత తగ్గదు.

ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు తీసుకుని లెక్క కడదాం. ముగ్గురు కూర్చునే సోఫా 51, దాని జతగా ఉన్న రెండు సింగిల్ సోఫాలు 47. ఫ్రిజ్ 27, వాషింగ్ మెషీన్ 15, ఇనప బీరువా 30. ఊడదీసిన రెండు మంచాలు 24, వాటి పరుపులు 34. డైనింగ్ టేబుల్, నాలుగు కుర్చీలు 31. టీవీ, దాని బల్ల, పిల్లల చదువు టేబుల్ కలిపి 32. కూలర్ 13, పూజామందిరం 9, పిల్లల సైకిల్ 16. వంటసామాను, బట్టలు, పుస్తకాలు, చిల్లర సామాను నింపిన 28 అట్టపెట్టెలు 92. మొత్తం 421 ఘనపుటడుగులు.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. సజ్జ మీద సూట్‌కేసులు, పండగలకు దింపే పెద్ద గిన్నెలు, అదనపు పరుపుచుట్టలు, బాల్కనీలో కుండీలు కాగితం ఎక్కవు. కళ్ల ముందు రోజూ కనబడవు కాబట్టి గుర్తుకు రావు. ఈ ఇంట్లో అవి 42. కలిపితే 463.

14 అడుగుల మూసిన బండి లోపలి కొలతలు 14, 6, 6 అడుగులు అనుకుంటే 504 ఘనపుటడుగులు. 463 పట్టేస్తుందనే అనిపిస్తుంది. పట్టదు.

లోపలికి వెళ్లి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకెళ్లాలి. దాని పైన కప్పు వరకు పది అంగుళాలు మిగులుతుంది, అందులో దిండ్లు తప్ప ఏమీ దూరవు. ఆరున్నర అడుగుల బీరువా ఆరడుగుల బండిలో నిలబడదు కాబట్టి వీపు మీద పడుకోబెట్టాలి. సోఫా చేతుల మధ్య పల్లం ఉంటుంది, కుండీల మీద ఏమీ పేర్చలేం. ఎంత నేర్పున్న హమాలీలు సర్దినా బండిలో ఏడో వంతు గాలే మిగులుతుంది. సామాను ఎగుడుదిగుడుగా ఉంటే అయిదో వంతు వరకూ పోతుంది. కాబట్టి 463ను 0.85తో భాగించాలి. వచ్చేది 545. అంటే 14 అడుగుల బండి కాదు, 17 అడుగులది కావాలి.

భాగహారం నచ్చనివారికి ఇంకో దారి ఉంది. ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తున్న బండిలో ఒక్కో అడుగు పొడవుకు 36 ఘనపుటడుగుల చోటు ఉంటుంది, సర్దగలిగేది 30. సామాను లెక్కను 30తో భాగిస్తే బండి ఎన్ని అడుగుల పొడవుండాలో వచ్చేస్తుంది. ఈ ఇంటికి పదిహేనున్నర. సజ్జ, బాల్కనీ మరిచిపోయి 421నే నమ్ముకుంటే సరిగ్గా 14 వచ్చేది. బండి ఎంపికలో తేడా తెచ్చినది ఆ సజ్జే.

టాటా ఏస్‌కు ఈ లెక్క వేరు. దాని తొట్టి సుమారు ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పక్క తలుపుల ఎత్తు ఒక్క అడుగే. అయిదడుగుల ఎత్తు వరకు పేర్చి తాడు బిగించినా కాగితం మీద 175 ఘనపుటడుగులే. ఒక గది సామానుకు బాగుంటుంది.

బరువు సంగతీ చూడాలి. అమెరికా మూవర్లు ఘనపుటడుగుకు ఏడు పౌండ్లు, అంటే 3.2 కిలోల లెక్క కడతారు. ఆ చొప్పున మన ఉదాహరణలోని సామాను టన్నున్నర. ఇళ్ల సామాను తేలిక కాబట్టి సాధారణంగా బరువు కన్నా ముందు చోటే అయిపోతుంది. పుస్తకాలున్న ఇంట్లో మాత్రం అలా కాదు. ఒకటిన్నర ఘనపుటడుగుల చిన్న పెట్టెలో పుస్తకాలు నింపితేనే పాతిక కిలోలు. బట్టలకు వాడే నాలుగున్నర ఘనపుటడుగుల పెట్టెలో నింపితే ఎత్తేవారుండరు, పెట్టె అడుగు ఊడిపోతుంది.

17 అడుగుల బండికి కిరాయి ఎక్కువనిపిస్తే అదే కాగితం ఇంకో దారి చూపిస్తుంది. పాతబడిన ఆ రెండు సింగిల్ సోఫాలను అమ్మేస్తే 47 తగ్గి 416 మిగులుతుంది. 0.85తో భాగిస్తే 489. 14 అడుగుల బండిలో పడుతుంది, కానీ 15 ఘనపుటడుగులే వెసులుబాటు. సూట్‌కేసుల్లో బట్టలు కుక్కి రెండు మూడు అట్టపెట్టెలు తగ్గించగలిగితేనే ధైర్యంగా ఒప్పుకోవచ్చు. మాట్లాడుకునే ముందు బండి లోపలి కొలతలు మూడూ, వెనక తలుపు ఎత్తూ అడిగి రాసుకోవాలి. 14 అడుగులని పేరున్న బండ్లన్నిటి ఎత్తూ ఒకటి కాదు. అర అడుగు ఎత్తు తగ్గితే 42 ఘనపుటడుగులు పోతాయి, సజ్జ మీది సామానంతా మళ్లీ లిఫ్టు పక్కనే ఆగిపోతుంది.